జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు

ఇన్‌స్పెక్టరు మొదటిసారి వచ్చి వెళ్లినప్పటి నుంచి కొత్త సైన్సు టీచరుకు తిండి సయించడం లేదు. ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది. ఏడాది చివర రెండు పాఠాలు చూస్తారు. రెండూ నచ్చకపోతే ఇంటికి పంపించేస్తారు. మొదటిది నచ్చలేదు. రెండోది ఈ మధ్యాహ్నమే.

మొదటి పాఠంలో పిల్లలు అల్లరి చేశారా అంటే అదీ లేదు. బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. అదే వచ్చిన తంటా. మొక్కలకు నీళ్లు కావాలా అంటే క్లాసంతా కావాలి టీచర్ అంది. వేర్లు నీళ్లు పీలుస్తాయా అంటే పీలుస్తాయి టీచర్ అంది. అర్థమైందా అంటే అయింది టీచర్ అంది. పీరియడంతా ఇదే భజన. ఇన్‌స్పెక్టరు లేస్తూ, పిల్లల చర్చ ఎక్కడుందని అడిగాడు. ఈ పెద్దమనుషుల తీరే అంత. చర్చ లేదని తప్పు పడతారు, అదెలా పుడుతుందో మాత్రం చెప్పకుండా కారెక్కుతారు.

చెప్పిన మనిషి లెక్కల టీచరు. స్టాఫ్‌రూములో అందరికీ అక్క. ఆమె మాట సూదిమొన, మనసు మాత్రం వెన్న. పొద్దున కొత్త టీచరును పక్కన కూర్చోబెట్టుకుని, ఈరోజు అడగబోయే ప్రశ్నలు చదవమంది. మొదటిది, మొక్క పెరగడానికి వెలుతురు కావాలా?

"కావాలి" అంది అక్క. "అయిపోయింది. ఇంక నేనేం మాట్లాడాలి?"

కొత్త టీచరు చిన్నబుచ్చుకుంది.

"పిల్లలు పుస్తకం చూసి చెప్పరే, నీ మొహం చూసి చెప్తారు. ఏ జవాబుకి నువ్వు నవ్వుతావో వాళ్లకి తెలుసు. ఒకడు అవునన్నాక రెండోవాడికి చెప్పడానికి ఏం మిగులుతుంది?"

చివర ఎందుకు అని చేరిస్తే సరిపోతుందా అని కొత్త టీచరు అడిగింది. చాలదంది అక్క. అవునని ముందే ఒప్పుకున్నవాళ్లు, ఎందుకంటే పుస్తకంలోని వాక్యం అప్పజెప్పి ఊరుకుంటారట. పోనీ వెలుతురు గురించి మీరేమనుకుంటున్నారని అడగనా అంది. అది మరీ అన్యాయమంది అక్క, ఈత రానివాళ్లను నడిసముద్రంలో దింపినట్టు, ఎటు పోవాలో తెలియక నోరెత్తరు. కళ్లెదుట చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి, దాని మీద ఇద్దరు రెండు రకాలుగా అనుకునే వీలుండాలి, అనుకున్నదానికి ఆధారం చూపమనాలి.

అప్పుడు గుర్తొచ్చింది కొత్త టీచరుకు. ఒకే రోజున రెండు డబ్బాల్లో చిక్కుడు గింజలు నాటి, ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో పెట్టింది. రెంటికీ నీళ్లు ఒకేలా పోస్తోంది. బీరువాలోని మొక్క కిటికీలోనిదానికన్నా పొడుగ్గా పెరిగింది. పాఠం చెడిపోతుందని దాన్ని పిల్లలకు చూపించకుండా దాచేసింది.

"పిచ్చిదానా, బంగారం దాచిపెట్టుకుని అడుక్కుతింటున్నావా? అదే పెట్టు బల్ల మీద" అంది అక్క. ఇద్దరూ కూర్చుని ప్రశ్నను తిరగరాశారు. చీకట్లో ఉన్నదే పొడుగ్గా ఉంది, ఇదెలా జరిగి ఉంటుంది, మీరు చెప్పేదానికి ఈ మొక్కల్లో ఏ గుర్తు చూపిస్తారు? లేచే ముందు అక్క ఒక మాట చెప్పింది.

"అడిగాక నోరు మూసుకో. నాలుగుసార్లు ఊపిరి పీల్చేదాకా మాట్లాడకు. వాళ్లు ఆలోచించుకోవాలి కదా. ఆ కాసేపూ నీకు ప్రాణం పోయినట్టే ఉంటుంది, పోదులే."

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆమె రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టింది. బీరువా మొక్క తెల్లగా, సన్నగా, వంగిపోయి ఉంది. ప్రశ్న అడిగింది.

ఎవరూ పలకలేదు.

ఒక ఊపిరి. రెండు. పిల్లలు మొక్కల్ని కాదు, ఆమె మొహాన్ని చూస్తున్నారు. వెనక బెంచీలో కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. అంతే, ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"వెలుతురు కోసం వెతుక్కుంటూ పొడుగు పెరిగింది, కదా?" అనేసింది.

క్లాసంతా హాయిగా ఊపిరి పీల్చుకుని అవును టీచర్ అంది. కలం కదిలింది.

అయిపోయింది, రేపటి నుంచి ఇంట్లోనే అనుకుంది. బల్ల అంచు పట్టుకుంది. పట్టుకున్నచోట బీరువా మొక్క చేతికి తగిలి ఊగింది. కిటికీ మొక్క అయితే అలా ఊగదు. అది చూసి ఆమెకు నోరు పెగిలింది.

"ఆ మాట నేనన్నాను, మీరు కాదు. అది తప్పు కూడా కావచ్చు. దగ్గరకొచ్చి చూసి, నా మాట నిలబడుతుందో లేదో మీరే తేల్చండి. దేన్ని చూసి తేల్చారో చెప్పాలి."

ఈసారి నాలుగు ఊపిర్లు దాటాయి. అప్పుడు వాగుడుకాయ అని పేరుపడ్డవాడు లేచి, ఇది పొడుగే కానీ బలం లేదు, ఆకులు కూడా చిన్నవి అన్నాడు. ఇంకొకడు, వెలుతురు లేకుండా అంత పొడుగు పెరగడానికి తిండి ఎక్కడిదని వాడి మీదకు వెళ్లాడు. గింజలో ఉన్నదే తింటోంది, చూడు, గింజ ముడతలు పడింది అంది ఒక పిల్ల. అది అయిపోతే? అయిపోతే చస్తుంది. చావదు, కిటికీలో పెడితే పచ్చబడుతుంది. రెండు ముఠాలు కట్టారు. ఆమె ఎవరికీ తలూపలేదు. ఇంకెవరికైనా వేరేలా అనిపించిందేమో చెప్పమంది, అంతే.

చివర కిటికీ పక్కన కూర్చునే పిల్ల, ఏడాదంతా నోరు విప్పనిది, చెయ్యెత్తింది. వెలుతురు లేదని మొక్కకు ఎలా తెలుస్తుంది టీచర్ అంది.

ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. ఇన్‌స్పెక్టరు తలెత్తి చూస్తున్నాడు. నాకు పూర్తిగా తెలియదమ్మా, చదివి వస్తాను, నువ్వూ ఆలోచించు అంది. అంటున్నప్పుడే ఉద్యోగం చేజారిపోయిందనిపించింది.

ఇంటి గంట మోగింది. ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చి, పాఠం అర్థమైందా అని పిల్లల్ని అడిగాడు. అర్థమైంది సార్ అని క్లాసంతా గంగిరెద్దులా తలూపింది. ఆ జవాబు ఆయనకు కూడా దేనికీ పనికిరాలేదు. ఈసారి నెమ్మదిగా అడిగాడు.

"రేపటి నుంచి ఈ టీచర్ రాకపోతే, ఈ మొక్కల్ని మీరేం చేస్తారు?"

టీచరు కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా అడిగాడంటే నిర్ణయం అయిపోయిందన్నమాట. కిటికీ పక్క పిల్లే మళ్లీ లేచింది.

"టీచర్ రాకపోయినా పరవాలేదు సార్. చీకట్లో ఇంకో గింజ నాటి, మొలిచాక సగం కిటికీలో పెడతాం, సగం బీరువాలోనే ఉంచుతాం. ఎవరి మాట నిలబడుతుందో చూసుకుంటాం. ఏం చూడాలో మాకు తెలుసు."

ఒక్క గింజ సగం ఎలా చేస్తావే, రెండు నాటాలి అని వెనక నుంచి ఎవరో దిద్దారు. మళ్లీ వాదన మొదలైంది. ఎవరూ ఇంటికి కదల్లేదు.

పరవాలేదన్న మాట ఒక్కటే టీచరు చెవిలో మోగుతోంది. పిల్లలే వద్దన్నాక ఇంకేముంది? ఇన్‌స్పెక్టరు వెంట వరండాలోకి నడిచింది. ఆయన కాగితం మీద సంతకం చేస్తూ, టీచరు లేకపోయినా నడిచే పాఠం ఈ ఏడాది ఇదొక్కటే చూశాను అన్నాడు. భయంలో ఆమెకు ఆ మాట తలకెక్కలేదు.

"సార్, నన్ను ఉంచుతున్నారా, తీసేస్తున్నారా? అది చెప్పండి ముందు."

"ఉంచుతున్నాను" అన్నాడాయన.

ఆమె వరండా స్తంభానికి ఆనుకుని, లోపల పిల్లలు గట్టిగా పోట్లాడుకోవడం వింటూ ఏడ్చేసింది.