ముప్పై అయిదు మిల్లీమీటర్లు

ఆ ఆస్పత్రి కట్టిస్తున్న మేనేజరుకు వంకర అంటే గిట్టదు. గోడైనా, బల్లైనా, వరసలో నిలబడ్డ కూలీలైనా గీత గీసినట్టుండాలి. అందుకే వెనక అందరూ ఆయన్ని నిటారు సారు అనేవారు. ఎదటపడితే మాత్రం నడుం వంచి నమస్కారం పెట్టేవారు. ఆయన అభ్యంతరం చెప్పని వంపు అదొక్కటే.

అక్కడ పైపుల పని చేసే ఫిట్టరు ఆయనకు స్వయానా అక్క మొగుడు. ఇంట్లో "బావా" అని పిలిచే మనిషి సైటులో అడుగు పెట్టగానే "ఏమయ్యా" అనేవాడు. ఫిట్టరు కూడా ఇంట్లో బావమరిదినీ సైటులో సారునూ ఎన్నడూ కలపలేదు. రెండూ కలిపితే తనే నలిగిపోతానని అతనికి తెలుసు.

నేలమాళిగలోని బాయిలరు నుంచి పన్నెండో అంతస్తు దాకా, గోడల మధ్య ఇరుకైన నిలువు సందులో, నాలుగంగుళాల వేణ్ణీళ్ల ఇనప పైపు ఒకటి వేశారు. మొత్తం నలభై ఎనిమిది మీటర్లు. దాన్ని అడుగున ఒకచోట, పైన ఒకచోట కదలకుండా బిగించారు. వాటిని యాంకర్లంటారు. మధ్యలో ప్రతి అంతస్తులోనూ గైడ్లున్నాయి. అవి పైపును పక్కకు పోనివ్వవుగాని, పైకీ కిందికీ జారనిస్తాయి. ఆరో అంతస్తులో పైపు తిన్నగా పోకుండా పక్కకు తిరిగి, కొంత దూరం నడిచి, మళ్లీ వెనక్కొచ్చి తన దారిన పడుతుంది. ఆ పెద్ద మడత పేరు లూప్. ఫిట్టరు దాన్ని నాలుగు రోజులు కష్టపడి అతికాడు.

ప్రారంభానికి వారం ముందు నిటారు సారు ఆరో అంతస్తులో ఆ సందు తలుపు తెరిచి చూశాడు. పైపును చేత్తో ఊపితే గైడులో టకటకమంది. గైడుకూ పైపుకూ మధ్య కొంచెం సందుంది మరి. ఆపైన లూప్ కంటబడింది.

"ఇదేంటయ్యా, పైపుకి కడుపొచ్చిందా?"

ఫిట్టరు ఓపిగ్గా చెప్పాడు. ఇప్పుడు పైపు పాతిక డిగ్రీల్లో ఉంది, వేణ్ణీళ్లు ఎనభై అయిదుకు చేరతాయి, ఆ అరవై డిగ్రీల తేడాకు ఇంత పొడుగు ఇనుము ముప్పై అయిదు మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు కొసలూ కదలవు కాబట్టి సాగిందంతా ఈ మడతలోకొచ్చి సర్దుకుంటుంది. గైడ్లలో సందు లేకపోతే పైపు ఇక్కడిదాకా జారి రాలేదు.

సారు నవ్వాడు. పాతికేళ్ల సర్వీసులో పెరిగిన జీతాలు చూశాడుగాని పెరిగిన ఇనుము చూడలేదన్నాడు. ప్రారంభం రోజున ఆస్పత్రి యజమాని పెద్దాయన ఇటే వస్తాడు, సందుకు అద్దం తలుపు పెట్టిస్తున్నాను, ఆయన చూస్తే పైపు బాణంలా ఉండాలి అన్నాడు. లూప్ కోసేసి తిన్నగా కలపమన్నాడు. గైడ్లన్నీ పైపుకు అతికించేయమన్నాడు.

"అయితే కాగితం మీద రాసివ్వండి సార్," అన్నాడు ఫిట్టరు.

సారు చక్కటి దస్తూరీతో రాసిచ్చాడు. సంతకం కింద రెండు గీతలు కూడా లాగాడు, స్కేలు పెట్టి. ఫిట్టరు ఆ పని తన చేత్తో చేయనన్నాడు. దానికి శిక్షగా అతన్ని మరుగుదొడ్లలో కుళాయిలు బిగించడానికి పంపి, ఇంకో వెల్డరుతో పని కానిచ్చారు. ఆ వెల్డరు లూప్ బదులు పెట్టిన ముక్కను కాస్త పక్కకు అతికాడు. కంటికి ఆనని వంకర, కాబట్టి సారుకు అది వంకర కాదు.

ఆ సాయంత్రం ఫిట్టరు భార్య తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది. వాడు చదువుకున్నవాడు, ఏదో ఆలోచించకుండా చేస్తాడా అంది. ఫిట్టరు భోజనాల బల్ల మీద సుద్దముక్కతో ముప్పై అయిదు మిల్లీమీటర్ల గీత గీసి చూపించాడు.

"ఇంతేనా?" అందామె.

"ఇంతే. దీన్ని ఆపాలంటే ఇరవై టన్నులు పైన కూర్చోవాలి. మీ తమ్ముడు ఎంత బరువుంటాడు?"

ప్రారంభం రోజు ఉదయం బాయిలరమ్మ మంట వెలిగించింది. బాయిలరు చూసుకునే ఆవిడను అందరూ అలాగే పిలిచేవారు. నెమ్మదిగా వేడి పెంచుకుంటూ, పావుగంటకోసారి డిగ్రీలు పుస్తకంలో రాసుకుంది. పెద్దాయన పరివారంతో ఆరో అంతస్తుకొచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. సారు ఆ పైపు నిటారుతనం గురించి ఉపన్యాసం మొదలెట్టాడు.

డెబ్భై డిగ్రీలు దాటాక పైపు మూలిగింది. ఇనుముకు పొడుగు సాగే దారి లేదు. ఆ పక్కకు అతికిన ముక్క దగ్గర అది పక్కదారి చూసుకుంది. అక్కడి గైడు బోల్టులు బోలు ఇటుక గోడలోంచి పెళ్లగించుకొచ్చాయి. ఆసరా పోయిన పైపు జానెడు మేర విల్లులా వంగి తలుపుకు తగిలింది. అద్దం నిలువునా పగిలింది. ఆ అంతస్తుకు నీళ్లిచ్చే కొమ్మ పైపు కీలు విడిపోయి వేణ్ణీళ్లు చిమ్మాయి. అప్పటికే కుళాయిల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన ఫిట్టరు జనాన్ని వెనక్కి తోసి, ఫోనులో మంట ఆర్పమని, పంపు ఆపమని, కింది వాల్వు కట్టేయమని అరిచాడు. బాయిలరమ్మ మూడూ నిమిషంలో చేసింది. ఎవరికీ చర్మం కాలలేదు. పెద్దాయన బూట్లు మాత్రం తడిశాయి. విచారణకు అంతకంటే పెద్ద కారణం అక్కర్లేకపోయింది.

ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్న ఆ విచారణలో తేలింది ఏమిటంటే, బాయిలరమ్మ నీళ్లను అతిగా వేడి చేసిందట. ఆవిడ రాసుకున్న పుస్తకంలో డెబ్భై ఎనిమిది దాటలేదు. అయినా పుస్తకం రాసింది ఆవిడే కాబట్టి అది సాక్ష్యం కాదన్నారు. ఆ రోజు నుంచే పనిలోకి రావద్దన్నారు. పక్కన కూర్చున్న సారు బాధగా తల ఊపాడు.

ఫిట్టరు జేబులో కాగితముంది. ఇంటికొచ్చి దాన్ని బల్ల మీద పెట్టాడు. భార్య చదివింది. తమ్ముడి దస్తూరీ చిన్నప్పుడు పలక మీద తను దిద్దించిందే.

"చూపించొద్దు. వాడి బతుకు పోతుంది," అంది.

"చూపించకపోతే ఆవిడ బతుకు పోతుంది. చేసిన తప్పేం లేకుండా."

ఆమె కాగితం మడిచి అతని చేతికే ఇచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే, వాడు సంతకం కింద గీతలు గీసే అలవాటు ఎప్పుడు మానుతాడో అంది.

మర్నాడు పెద్దాయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. బాయిలరమ్మ మళ్లీ పనిలోకొచ్చింది. క్షమాపణ ఎవరూ చెప్పలేదు, పోయిన రెండు రోజుల జీతం కూడా ఇవ్వలేదు. ఫిట్టరు వంగిన ముక్క కోసి లూప్ మళ్లీ పెట్టాడు, గైడ్లను గీకి విడిపించి సందులిచ్చాడు. వేడెక్కించిన రోజు అతనూ బాయిలరమ్మా ఆరో అంతస్తులో స్కేలు పట్టుకుని కూర్చున్నారు. కింది నుంచి పదిహేడున్నర, పై నుంచి పదిహేడున్నర మిల్లీమీటర్లు చప్పుడు లేకుండా మడతలోకొచ్చాయి. ఇంత బుద్ధిమంతుడైన మగాణ్ణి తన జన్మలో చూడలేదంది బాయిలరమ్మ, పైపును చూపిస్తూ.

బావమరిది నాలుగు నెలలు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఉద్యోగం మాత్రం పోలేదు. అంత పెద్ద జీతం వాళ్లను తీసేస్తే, పెట్టుకున్నవాళ్ల తెలివి బయటపడుతుంది కదా. ఆయన్ని శిక్షణ విభాగానికి మార్చారు. అక్కడ మొదటి తరగతి అంశం, వేడికి పైపులు సాగడమూ దానికి తీసుకోవలసిన జాగ్రత్తలూ. పనివాళ్లంతా హాజరు కావాలని ఆజ్ఞ.

ఫిట్టరు వెళ్లి చివరి వరసలో కూర్చున్నాడు. సారు తన అనుభవంలోంచి, అని మొదలుపెట్టి గంటసేపు చెప్పాడు. లెక్కలన్నీ సరిగ్గానే చెప్పాడు. చివర్న హాజరైనవాళ్లందరికీ సర్టిఫికెట్లు పంచుతూ బావ దగ్గరకొచ్చేసరికి ఒక్క క్షణం ఆగాడు.

"అర్థమైందా?" అన్నాడు.

"ఇప్పుడిప్పుడే అవుతోంది సార్," అన్నాడు ఫిట్టరు.