మెట్టుకు ఏడంగుళాలు

డాబాకు మెట్లు వస్తున్నాయన్న సంబరం అచ్చాయమ్మకు మూడు రోజులే నిలిచింది. నాలుగోరోజు కొడుకు గణేష్‌బాబు సుద్దముక్కతో గోడ మీద మెట్ల వాలు గీశాడు. అది చూసి ఆవిడ గుండె జారిపోయింది. కాకినాడ రేవులో కొన్న నెత్తళ్ళు కొత్త డాబా మీద ఎండబెట్టుకోవాలని ఆవిడ ఆశ. ఆ వాలు మీద తట్టతో ఎక్కడం మాట అలా ఉంచండి, పిల్లి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

"పదమూడు మెట్లమ్మా. బేసి సంఖ్యే కదా! నా బండికి చోటు మిగుల్తుంది," అన్నాడు గణేష్‌బాబు. "చేపలు నేను పైకి మోస్తాలే."

"నువ్వు లేచేసరికి కాకులు విందు చేసుకుంటాయిరా."

కోడలు రమ్యశ్రీ సివిల్ డిప్లొమా చదివింది. టేపు పట్టుకుని వచ్చింది. "కింద టైల్ నుంచి పైన టైల్ దాకా నూట ఇరవైయారు అంగుళాలండి అత్తయ్యా. పదమూడు మెట్లెక్కి పైన అడుగు పెట్టాలంటే పద్నాలుగుసార్లు కాలెత్తాలి. అంటే ఒక్కోసారికి తొమ్మిదంగుళాలు. ఏడు పెడితే పద్దెనిమిదిసార్లు. ఆఖరుది డాబాయే, కాబట్టి మెట్లు పదిహేడు. అదీ బేసే!"

"పాదం పెట్టేచోటు పదంగుళాలు చొప్పున లెక్కేస్తే, మెట్లు ఇంకో మూడడుగుల పైనే ముందుకొస్తాయి," అని గణేష్‌బాబు నెత్తి కొట్టుకున్నాడు.

మేస్త్రి బుల్లియ్యకు ఈ గొడవ పండగలా ఉంది. ఇసకలో ఇటుకలు పేర్చి రెండు రకాలూ మూడేసి మెట్లు కట్టి చూపించాడు. అచ్చాయమ్మ కొంగు బిగించి, నెత్తళ్ళ తట్ట నెత్తిన పెట్టుకుని తొమ్మిదంగుళాల వైపు నడిచింది. రెండో మెట్టు దగ్గర మోకాలు మొరాయించింది. తట్ట ఒరిగింది. నెత్తళ్ళన్నీ పక్కనే నిలబడ్డ గణేష్‌బాబు తల మీద, జేబులో, చొక్కా లోపల వానలా కురిశాయి. బుల్లియ్య ఇసకలో కూలబడి నవ్వాడు. రమ్యశ్రీకి ఎక్కిళ్ళొచ్చాయి.

ఏడంగుళాల వైపు మాత్రం ఆవిడ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది, ఆపమంటే ఆపదు.

"బండి మెట్ల కిందే పెట్టుకోవచ్చండి," అంది రమ్యశ్రీ. "పైచివర కింద హ్యాండిలు పట్టేంత ఎత్తు ఉంటుంది."

చెవి వెనక నుంచి చేపను తీసుకుంటూ గణేష్‌బాబు తలూపాడు.

నెల తిరిగేసరికి మెట్లు లేచాయి. మొదటి రోజు అచ్చాయమ్మ నిండు తట్టతో బయలుదేరింది. లోపల భయం ఉంది, అది ఎవరికీ తెలియనివ్వకూడదు. అందుకని కింద బండి తుడుస్తున్న కొడుకుని తిట్టడం మొదలుపెట్టింది. లుంగీ గురించి, జుట్టు గురించి, వాడి పెళ్ళినాటి నుంచీ బాకీ ఉన్న తిట్లన్నీ తిట్టింది. తిడుతూ తిడుతూ ఎదురుగా చూసేసరికి కొబ్బరి ఆకుల సందుల్లోంచి సముద్రం కనిపించింది.

"ఒరేయ్, ఎక్కేశానురా! ఎప్పుడెక్కానురా?" అని ఆవిడ వీధంతా వినిపించేలా అరిచింది.