ఏడు జవాబులు, ఒకే వాక్యం

ఏడుగురు రాసిన జవాబుల్లో అక్షరం తేడా లేదు.

చంద్రిక కంప్యూటర్ తెర మీద మళ్ళీ పైనుంచి కిందికి చదివింది. చివరి ప్రశ్న కింద ఏడు వరుసల్లోనూ అదే వాక్యం. ‘ఏం చెప్పినా, ముందు ఎవరు చెప్పారు అని అడుగుతారు.’ ఏడుగురు మనుషులు ఇలా రాయరు. ఎవరో ఒక్కరే కూర్చుని ఏడుసార్లు నింపారు.

నాచారం పారిశ్రామికవాడలోని ఆ రక్తపరీక్షల ల్యాబ్‌లో శాంపిల్ రిసీవింగ్ సెక్షన్‌కు ఆమె ఇన్‌ఛార్జి. చుట్టుపక్కల కలెక్షన్ సెంటర్ల నుంచి ఐస్ బాక్సుల్లో వచ్చే రక్తం ట్యూబులన్నీ ముందు ఆమె టీమ్ చేతుల్లోకే వస్తాయి. పనికిరానివాటిని కారణం రాసి తిప్పికొట్టేది కూడా వాళ్ళే. ఇప్పుడు బోడుప్పల్‌లో కొత్త ల్యాబ్ తెరుస్తున్నారు. దాని హెడ్ పోస్టుకు ఇద్దరే మిగిలారు. ఒకరు చంద్రిక, రెండోవాడు బయోకెమిస్ట్రీ చూసే గిరిప్రసాద్. డైరెక్టర్ రామచంద్రరావు ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టాడు. తమకు కనపడని తమ లోపం ఏమిటో కిందివాళ్ళను పేర్లు లేకుండా అడిగి, శుక్రవారం వచ్చి చెప్పాలి.

ఆ పోస్టు కోసం చంద్రిక నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోంది. అందుకే సర్వేను ఆషామాషీగా తీసుకోలేదు. హెచ్‌ఆర్‌లో పనిచేసే స్నిగ్ధను పక్కన కూర్చోబెట్టుకుని తయారుచేసింది. ‘నేను మంచి ఇన్‌ఛార్జినేనా? ఐదుకు ఎన్ని మార్కులు?’ అన్న మొదటి ప్రశ్న చూసి స్నిగ్ధ నవ్వింది. దానికి అందరూ ఐదే వేస్తారు, నీకు తెలిసేది సున్నా అంది. మనిషి గురించి కాదు, మనిషి చేసే పనుల గురించి అడగమంది. ఏ షిఫ్టు, ఎన్నేళ్ళ సర్వీసు లాంటివి అసలు వద్దంది. ఏడుగురి టీమ్‌లో ఆ రెండూ తెలిస్తే పేరు తెలిసినట్టే. చివరికి నాలుగు ప్రశ్నలు మిగిలాయి: నేను చేస్తున్నవాటిలో ఏది కొనసాగించాలి, ఏది మానేయాలి, ఏది కొత్తగా మొదలుపెట్టాలి, నా గురించి నాకు తెలియదని మీకనిపించేది ఏమిటి. ఈమెయిల్ సేకరించే మీట ఆపేశారు. ఒక్కరు ఒక్కసారే నింపాలనే నిబంధన పెడితే లాగిన్ అడుగుతుందని, దాన్నీ వదిలేశారు.

అదే కొంప ముంచింది అనుకుంది చంద్రిక. లాగిన్ లేదు కాబట్టి ఒక్కరే ఎన్నిసార్లయినా నింపవచ్చు.

ఆమె అనుమానం నేరుగా జీవన్ మీదికి పోయింది. టీమ్‌లో అందరికన్నా సీనియర్. పైగా గిరిప్రసాద్‌తో రోజూ టీ తాగుతాడు. ఇద్దరూ కలిసి ఆడిన ఆట అయితే? ఆమె సర్వే ఒక నవ్వులాట అని డైరెక్టర్ ముందు తేలిపోతే, పోస్టు ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు.

జవాబుల పట్టిక మొదటి గడిలో ప్రతి జవాబు వచ్చిన సమయం ఉంది. అన్నీ భోజన విరామంలోనే వరసగా వచ్చాయి. చంద్రిక స్నిగ్ధ దగ్గరికి వెళ్ళి, ఎవరు నింపారో తెలుసుకునే దారి ఉందా అని అడిగింది.  స్నిగ్ధ, తెలిసినా చెప్పనని, ఆ సమయం గడి వెంటనే తీసేయమని చెప్పింది.

చంద్రిక తీసేయలేదు. సెక్యూరిటీ గదికి వెళ్ళి, ఒక బాక్సు కనపడటం లేదని అబద్ధం చెప్పి, క్యాంటీన్ కెమెరా చూపించమంది.

తెర మీద కనపడింది ఆమె అనుకున్నది కాదు. ముందు తన టీమ్‌లోని నలుగురు ఒకే బల్ల చుట్టూ చేరారు. మధ్యలో ఒక ఫోన్. అది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతోంది. కౌంటర్ ఖాళీగా వదలకూడదు కాబట్టి వాళ్ళు లేచాక మిగతా ముగ్గురు వచ్చారు. ఫోన్ మాత్రం బల్ల మీదే ఉంది. అది జీవన్‌ది కాదు. మానసది.

మానస! మేడిపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. చంద్రిక ఆమెను స్టోర్ గదిలోకి పిలిచి తలుపు వేసింది. అందరినీ కూడగట్టి ఒకే మాట రాయించింది నువ్వేనా, వెనక గిరిప్రసాద్ ఉన్నాడా అని అడిగింది.

మానస భయపడుతుందనుకుంది. ఆమె భయపడలేదు.

“మేడం, మీరు లింకు గ్రూపుల పెట్టలే. ఒక్కొక్కరికి పేరు రాసి పంపిన్రు. కింద ఏం రాసిన్రో జర సూడున్రి.”

చంద్రిక ఫోన్ తెరిచింది. ‘డియర్ మానస, ఈ సర్వేలో మీ పేరు ఎవరికీ తెలియదు. ఇంకా నింపనివారికి రేపు మళ్ళీ గుర్తుచేస్తాను.’

“పేర్లే తెల్వకుంటే, నింపనోళ్లు ఎవరో మీకెట్ల తెలుస్తది?” అంది మానస. “ఒక్కొక్కరికి ఒక్కో లింకు ఇచ్చిన్రనుకున్నం. అందుకే నా లింకు మీదనే అందరం నింపినం. రాసే తీరు బట్టి పట్టుకుంటరని ఒక్కటే మాట రాసినం. పుస్తకాల భాషల. గిరిప్రసాద్ సార్‌కు దీని సంగతే తెల్వది.”

చంద్రికకు కోపం రావాలి. రాలేదు. లింకు అందరికీ ఒక్కటే. కానీ ఆ మెసేజ్ చదివితే తనైనా అలాగే అనుకునేది.

“మిగతా మూడు ప్రశ్నలు ఎందుకు ఖాళీగా వదిలారు?”

“ఈ ఒక్కటి తెలిస్తే సాలు మేడం. అవన్నీ మేమే వచ్చి చెప్తం.”

చెప్పమంది చంద్రిక. మానస తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. నిరుడు ఎండాకాలం ఒక సెంటర్‌లో ఐస్ వేయకుండా బాక్సులు పంపుతున్నారని వ్యాన్ డ్రైవర్ సురేష్ టీమ్‌వాళ్ళకు చెప్పాడు. చంద్రిక, ఎవరు చెప్పారని అడిగి తెలుసుకుని, అతని పేరు చెప్పి మరీ ఆ సెంటర్‌వాళ్ళను నిలదీసింది. వారం తిరగకుండా సురేష్‌ను ఆ రూటు నుంచి తీసేశారు. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. బాక్సు వేడిగా వస్తే ఆ ట్యూబులను పరీక్షకు పోనివ్వడం లేదు, కానీ అసలు కారణం రాయడం లేదు. ‘రక్తం గడ్డకట్టింది’ అని రాసి తిప్పి పంపుతున్నారు. సెంటర్ మీదికి మాట రాదు, ఎవరి పేరూ బయటికి రాదు. రోగులు మాత్రం రెండోసారి సూది పొడిపించుకుంటున్నారు.

తన సెక్షన్‌లో బాక్సుల ఫిర్యాదే లేదని చంద్రిక ప్రతి మీటింగ్‌లో గొప్పగా చెప్పుకుంది.

శుక్రవారం రామచంద్రరావు గదిలో ఆమె ఏదీ దాచలేదు. తాను సర్వేను ఎలా పాడుచేసిందీ, కెమెరా చూసిందీ, తప్పుడు కారణాల సంగతీ అన్నీ చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“రికార్డుల్లో అబద్ధం రాయడం చిన్న విషయం కాదమ్మా. ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు? ఎవరెవరు రాశారు? పేర్లివ్వండి. మీకు మచ్చ రాకుండా నేను చూసుకుంటాను.”

పేర్లు చెబితే బోడుప్పల్ పోస్టు తనదే. చంద్రికకు అది స్పష్టంగా కనపడింది.

“పేర్లు ఇవ్వను సార్. నిజం చెబితే చెప్పిన మనిషికే దెబ్బ తగులుతుందని వాళ్ళకు నేర్పింది నేనే. ఆ సెంటర్ బాక్సులు మార్పించండి. నా మీద ఏం రాసుకున్నా సరే.”

సాయంత్రానికి, బోడుప్పల్ ల్యాబ్ హెడ్ గిరిప్రసాద్ అని అందరికీ మెయిల్ వచ్చింది. అతను వచ్చి చెయ్యి కలిపి, సారీ అన్నాడు. నిజంగానే అన్నాడేమో. చంద్రిక ఆ మాట నమ్మడానికి ప్రయత్నించింది.

సోమవారం ఎండ మండుతోంది. రిసీవింగ్ కౌంటర్ దగ్గర వ్యాన్ ఆగింది. కాసేపటికి జీవన్ ఒక ఐస్ బాక్సును రెండు చేతులతో మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మిగతా ఆరుగురూ పని ఆపి ఇటే చూస్తున్నారు.

“మేడం, ఇది వేడిగ ఉందని మనకు ముందే కబురొచ్చింది,” అన్నాడు జీవన్.

చంద్రిక నోరు తెరిచింది. ‘ఎవరు చెప్పారు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏడుగురూ దాని కోసమే ఎదురుచూస్తున్నారు.

“థర్మామీటర్ పెట్టావా?” అంది.

“పద్దెనిమిది డిగ్రీలు.”

“ఎనిమిది దాటకూడదు. ఆ కారణమే రాయండి. కింద సంతకం నేను పెడతాను.”