తాతాజీ మందుల చీటీ

రత్నమాణిక్యం నోటికి పాలకొల్లులో భయపడని వాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి, డ్యూటీకి ఆలస్యంగా వచ్చిన డాక్టర్లను సైతం వరండాలో నిలబెట్టి కడిగేసిన మనిషి. రిటైరై తమ్ముడింటి వీధి గదిలో ఉంటున్నా ఆ నోరు మాత్రం రిటైరు కాలేదు. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఇంగ్లీషు కాగితం తెచ్చి ముందు పెడితే, తెల్లకాగితం మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో మూడు విషయాలు రాసిచ్చేది. జబ్బేంటి, ఏ మందు ఎప్పుడు ఎంత వేసుకోవాలి, మళ్ళీ ఏ తేదీకి చూపించుకోవాలి. కాగితంలో ఉన్నది వదిలేది కాదు, లేనిది చేర్చేది కాదు. చదవడానికి వీల్లేని చోట ‘కనబడలేదు’ అని రాసేసేది. ఊహించి రాయడమంటే ఆమెకు ఒళ్ళుమంట.

ఆ శుక్రవారం పొద్దున్నే చిన్నమ్మాయి రిక్షా దిగి గబగబా లోపలికి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. మొగుడు తాతాజీకి గుండె జబ్బు చేస్తే రాజమండ్రిలో ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంచి తీసుకొచ్చారు. పదకొండు రోజుల కిందట అతని మందుల చీటీ రాసిచ్చింది రత్నమాణిక్యమే.

“నర్సమ్మగారండీ, ఆయన మూడు రోజుల్నించీ ఏం తిన్నా కక్కేస్తున్నారండి. కళ్ళకి అన్నీ పచ్చగా కనబడుతున్నాయంటున్నారు. తెల్లపంచె చూసి పసుపు నీళ్ళలో ముంచారా అనడిగారండి.”

రత్నమాణిక్యం కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

“మందులు ఎలా వేస్తున్నావు?”

“మీరు రాసినట్టేనండి. ఒక్క పూట కూడా తప్పలేదు.”

“ఈవేళ పొద్దున గుండెమాత్ర వేశావా?”

“ఇంకా లేదండి. కక్కుతున్నారని ఆగాను.”

“మంచి పని చేశావు. డాక్టరు చూసేదాకా అది వెయ్యకు. ఆ చీటీ, ఫొటో రెండూ ఇలా ఇవ్వు.”

ఫొటో అంటే డిశ్చార్జి కాగితం ఫొటో. ఊళ్ళో జిరాక్సు మిషను ఇంకా రాలేదు. తాతాజీ అన్నగారు పెదబాబు అసలు కాగితాన్ని పొలం దస్తావేజులతో పాటు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, స్టూడియోలో దాన్ని ఫొటో తీయించి ఇంట్లో వాడకానికి ఇచ్చాడు. కాగితం నలిగిపోతుందట. నలిగిపోయేది తమ్ముడి ప్రాణమని ఆయనకు తట్టలేదు.

ఆమె భూతద్దం పెట్టి మళ్ళీ చదివింది. టైపు అక్షరాలు నల్లగా, నిక్కచ్చిగా ఉన్నాయి. జబ్బు: గుండెలో ఎడమవైపు కవాటం ఇరుకైంది, లయ తప్పింది. మందులు: గుండెమాత్ర డిగాక్సిన్ 0.25 రోజుకొకటి. నీరు దింపే ఫ్రుసెమైడ్ 40 మాత్ర పొద్దున ఒకటి. ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షను. చీటీలోనూ అదే ఉంది, పొల్లు పోలేదు. మళ్ళీ రావలసిన తేదీ ఎదురుగా ఫొటోలో ఖాళీ. చీటీలో ఆమె ‘తేదీ ఫొటోలో కనబడలేదు, అసలు కాగితంలో చూసుకోవాలి’ అని రాసి కింద గీత కూడా గీసింది.

“ఇది చూసుకోమని చెప్పానా లేదా?”

“బావగారికి చెప్పానండి. తేదీ ఏమీ లేదు, వాళ్ళే ఉత్తరం రాస్తారన్నారు.”

రత్నమాణిక్యం చూపు కాగితం అడుక్కి జారింది. డాక్టరు పేరు టైపు చేసి ఉంది. దాని పైన సంతకం లేదు. సంతకం లేని డిశ్చార్జి కాగితాన్ని ఏ ఆసుపత్రీ బయటికి పంపదు. పెన్నుతో పెట్టాల్సిన సంతకం లేదు, పెన్నుతో వెయ్యాల్సిన తేదీ లేదు. మరి పెన్నుతో ఇంకేం రాశారు? ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులు వేసుకుని, చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని వీధి చివరి ఫొటో స్టూడియోకి నడిచింది.

స్టూడియో చంద్రరావు అప్పుడే షట్టరెత్తి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. ఫొటో చేతికివ్వగానే గుర్తుపట్టాడు.

“దస్తావేజులు తీసే ఫిల్ముతో తీశానండి ఇది. నల్లటి అక్షరం బాగా లేస్తుంది. లేత నీలం సిరా మాత్రం దానికి తెల్లకాగితం కిందే లెక్క, పడదు. అక్కడక్కడ పెన్ను రాతలున్నాయి, మామూలు ఫిల్ములో తీస్తాను, సాయంత్రం దాకా ఉంచండని పెదబాబుగారితో చెప్పానండి.”

“ఏమన్నాడు?”

“అంతసేపు కాగితం ఇక్కడ వదలనన్నారు. మిషను మీద కొట్టింది వస్తే చాలు, చేతి గీతలెందుకు అన్నారు.”

“చేతి గీతలా! ఆ గీతల కోసం కాదటయ్యా ఇరవై రోజులు ఆసుపత్రిలో పడుకోబెట్టింది!”

చంద్రరావు ఫొటో తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

తమ్ముడితో కలిసుంటున్న పెదబాబు ఇల్లు కాలవ గట్టు మీద. వీధి అరుగు మీద వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. పచ్చటి మనిషి, మెడలో పులిగోరు, ఊళ్ళో పెద్దరికం. రత్నమాణిక్యం ఆయనతో మాట్లాడకుండా నేరుగా తాతాజీ మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. వాచీ చూస్తూ పూర్తిగా నిమిషం లెక్కపెట్టింది. నలభై నాలుగు. అరవైకి తగ్గకూడనిది. నమ్మలేక ఇంకో నిమిషం లెక్కపెట్టింది. నలభై నాలుగే. తాతాజీ నీరసంగా నవ్వి, “మీ జుట్టు కూడా పచ్చగా ఉందండి,” అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

అరుగు మీదికి తిరిగొచ్చింది.

“పెదబాబుగారూ, కారు తీయించండి. ఇప్పుడే రాజమండ్రి తీసుకెళ్ళాలి. గుండెమాత్ర ఎక్కువై విషమైంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన అసలు కాగితం ఇవ్వండి.”

“కారుకేముందండి, తీయిస్తాను. కాగితం రేపు పంపిస్తాను. శుక్రవారం పూటా మా ఇంట్లో పెట్టె తెరవరండి. మా తాతగారి నాటినుంచీ లేదు.”

“డబ్బు తీయమనలేదు. కాగితం తీయమన్నాను.”

“ఏదైనా ఒకటేనండి. లక్ష్మి బయటికి పోతుంది. ఫొటో ఉంది కదా!”

“ఆ ఫొటోయే మీ తమ్ముణ్ణి ఈ గతికి తెచ్చింది. డాక్టరు చేత్తో దిద్దినదంతా దాన్లో ఎగిరిపోయింది. చంద్రరావు చెప్పాడు కదా మీకు? విన్నారు కదా? పిల్ల తేదీ అడిగితే లేదన్నారు కదా? తెరిచి చూశారా అసలు?”

పెదబాబు ముఖం కందిపోయింది. “ఆడవాళ్ళు అరుగెక్కి అరిస్తే పనులు అవ్వవండి. మా ఇంటి పద్ధతులు మాకున్నాయి.”

“తగలెట్టండి పద్ధతుల్ని! లోపల మనిషి గుండె నలభై నాలుగు కొట్టుకుంటుంటే మీకు పెట్టె ముఖ్యమా?”

గోడవతల జనం పోగయ్యారు. ఆయన పేపరు మడిచి మళ్ళీ విప్పాడు. అప్పటిదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డ చిన్నమ్మాయి లోపలికి వెళ్ళింది. దేవుడి పటం ముందు పూలు పెట్టిన తాళంచెవుల గుత్తి తీసుకుని, పడమటింట్లోకి నడిచి, ఇనప్పెట్టె ముందు కూర్చుంది. ఆ ఇంటి కోడళ్ళెవరూ ముట్టుకోని పెట్టె అది.

“చిన్నమ్మాయ్!” అని పెదబాబు కేకేశాడు.

“తిట్టండి బావగారూ, తరవాత తిట్టండి,” అంది తల తిప్పకుండా. తాళం రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది.

కాగితం నలగలేదు. కొత్తదానిలా ఉంది. దాని మీద లేత నీలం సిరాతో ఎన్ని రాతలున్నాయో! డిగాక్సిన్ ‘రోజుకొకటి’ని అడ్డంగా కొట్టేసి, ‘అర మాత్ర, వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు వద్దు’ అని రాసుంది. పక్కనే, రక్తపరీక్షలో కిడ్నీ పని తగ్గినట్టు తేలిందనీ అందుకే మోతాదు తగ్గించామనీ ఇంకో మాట. నీరు దింపే మాత్ర కింద కొత్తగా చేర్చిన పొటాషియం మందు. అడుగున సంతకం. మళ్ళీ రావలసిన తేదీ మొన్నటి బుధవారం.

రత్నమాణిక్యం అది పైకి చదివింది, వాకిట్లో వాళ్ళకు కూడా వినబడేలా, ఒక్కో మాటా తెలుగులో చెబుతూ. పెదబాబు కుర్చీలోంచి లేచి, డ్రైవరును పిలవడానికి తనే వెళ్ళాడు.

రాజమండ్రి చేరేసరికి మధ్యాహ్నమైంది. తాతాజీకి గుండె పరీక్ష చేసి, రక్తం తీసి, మంచం ఎక్కించారు. గుండెమాత్ర ఆపేశారు. గంటన్నర తరవాత డాక్టరు బయటికొచ్చాడు. కుర్రవాడే, కానీ కళ్ళలో నిప్పులు.

“నాలుగైదు రోజులు కనిపెట్టి చూడాలి. గట్టెక్కుతాడనే అనుకుంటున్నాను. ఇంకో రెండు మాత్రలు పడుంటే ఈ మాట అనేవాణ్ణి కాదు.” ఒక చేతిలో అసలు కాగితం, రెండో చేతిలో ఫొటో, తెలుగు చీటీ ఎత్తి చూపించాడు. “ఈ చీటీ ఎవరు రాశారు?”

పెదబాబు నేల చూపులు చూశాడు. దారి పొడుగునా రత్నమాణిక్యం ఆయన్ని తిట్టడానికి మాటలు పేర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు వాటిని పక్కన పెట్టి ముందుకొచ్చింది.

“నేనేనండి. స్టాఫ్ నర్సుగా చేశాను. ఫొటో చూసి రాశాను.”

“ఫొటోలో పెన్ను రాతలు లేవు, ఒప్పుకుంటాను. కానీ నీటితో పాటు పొటాషియం పోతుందనీ, అది తగ్గితే గుండెమాత్ర విషమవుతుందనీ నర్సుకు తెలియాలి. నీరు దింపే మాత్ర, డిగాక్సిన్ కలిపి ఇస్తూ పొటాషియం లేకపోతే మీకేమీ అనిపించలేదా?”

“అనిపించింది.”

“సంతకం లేకపోవడం?”

“అదీ చూశాను. స్టూడియోవాడి ఫొటోలో సరిగ్గా పడలేదేమో అనుకున్నాను. పొటాషియం సంగతి పెద్ద డాక్టర్లకు తెలియకపోతుందా అనుకున్నాను. తేదీ ఒక్కటే కనబడలేదని రాశాను.”

డాక్టరు చీటీలో గీత గీసిన ఆ ఒక్క లైనూ మళ్ళీ చదివాడు.

బల్ల మీద కూర్చున్న చిన్నమ్మాయి లేచి దగ్గరికొచ్చింది.

“సంతకం లేదని మీకు ఆవేళే తెలుసాండి?”

“తెలుసమ్మా.”

“మరి నాతో అనలేదేంటండి? పెట్టె ఆవేళే తెరిచేదాన్ని కదా!”

డాక్టర్లను సైతం నిలబెట్టి కడిగేసిన రత్నమాణిక్యం ఆ పిల్ల ముందు చేతులు జోడించింది.

చిన్నమ్మాయి డాక్టరు చేతిలోంచి తెలుగు చీటీని తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. అసలు కాగితాన్ని మడిచి రవికెలో దోపుకుంది.

“ఈసారి చీటీ మీరే రాసివ్వండి డాక్టరుగారూ. తెలుగులో. నా ఎదురుగా,” అంది. రత్నమాణిక్యం వైపు గానీ, బావగారి వైపు గానీ చూడలేదు.