డబ్బా కాస్త పెద్దది

తమ్ముడు రాసిచ్చిన కాగితాన్ని అక్క మైకు ముందే మడిచి పక్కన పడేసింది.

"ఇది నేను చదవను."

వాళ్ళ వీడియోలన్నీ నలభై ఐదు సెకన్లవే. ఒక కొత్త వస్తువు, దాని మంచి, నిజమైన లోపం ఒకటి. గొంతు అక్కది, రాత, ఎడిటింగు తమ్ముడివి. లోపం చెప్పకుండా ఏ వీడియో పెట్టకూడదన్నది మొదట్లో ఇద్దరూ అనుకున్న మాట. ఈసారి కంపెనీ పంపినవి వైర్‌లెస్ ఇయర్‌బడ్స్.

"లోపం రాశాగా. డబ్బా కాస్త పెద్దది, జేబులో ఎత్తుగా కనబడుతుందని."

"కొత్తల్లుడి లోపం చెప్పినట్టుంది. మొహమాటం ఎక్కువండీ, రెండోసారి వడ్డించుకోడు అని. మొన్న ఇవి పెట్టుకుని రోడ్డు మీంచి ఫోన్ చేస్తే గాలికి నా మాట ఒక్కటీ అర్థం కాలేదంది అమ్మ. అది రాయి."

"అమ్మకి చెవుడు."

"అమ్మ జోలికి రాకు."

"అది చెప్తే వాళ్ళు ఇంకో వస్తువు పంపరు. నీకేం, ఆఫీసుంది. నాకిదే బతుకు."

"నా మాట నమ్మి కొన్నవాళ్ళు వీధిలో నిలబడి హలో హలో అని అరుస్తుంటే ఆ ఉసురు తగిలేది నాకు. దేవుడిచ్చిన నోరు ఇందుకా?"

"నేను ఇక్కడే రికార్డు చేసి విన్నా. శుభ్రంగా ఉంది."

"తలుపులేసి, ఫ్యానాపి, కిటికీకి దుప్పటి కట్టిన గదిలో గాలెక్కడిదిరా?"

తమ్ముడు ఇయర్‌బడ్స్ చెవుల్లో కుక్కుకుని లేచాడు. "మేడ మీంచి చేస్తా. వినపడితే నోరు మూసుకుని చదువు."

ఫోన్ మోగింది. ఆమె కాల్ రికార్డింగు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. హలో వినిపించింది. తర్వాత రేకుల్ని ఈడ్చినట్టు ఒకటే హోరు. అతను చాలాసేపే మాట్లాడాడు.

దిగి వచ్చి, "విన్నావా?" అన్నాడు.

"ఏమన్నావు?"

మొహం చిట్లించాడు. ఆమె రికార్డింగు వినిపించింది. హోరు. 'నువ్వు' అన్న ముక్క. మళ్ళీ హోరు. 'రేపట్నుంచి' అన్న ముక్క. ఆ పైన అతని గొంతే లేదు. రెండోసారి తనే నొక్కుకుని విన్నాడు.

మడిచిన కాగితం విప్పి డబ్బా వాక్యం కొట్టేశాడు. కంప్యూటరు ముందు కూర్చుని ఆ హోరు ముక్కను వీడియో మొదట్లోనే అతికించాడు. చివర్లో పెడితే అప్పటికే చూసేవాళ్ళలో సగంమంది వెళ్ళిపోతారు. 'బయట గాలిలో మీ మాట అవతలివాళ్ళకు ఇలా చేరుతుంది' అని కొత్త వాక్యం రాసి, కాగితం ఆమె వైపు తోశాడు. ఆమె చదివింది. నలభై ఐదు సెకన్లలో సరిపోయింది.

గెలిచినట్టే. మరి నిజం చెప్పాక మనసు తేలికపడుతుందంటారు, ఎవరికి పడుతుందో.

"మేడ మీద ఏమన్నావో చెప్పలేదు," అంది, మైకు ఆపి.

"నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు. వేరే గొంతు చూసుకుంటా."

ఈసారి గదిలో అన్నాడు. ప్రతి అక్షరం శుభ్రంగా వినిపించింది.