పూస కడుపుతో ఉందన్న కబురు

మూడు వారాలు విజయవాడలో ఉండి దోహాకు తిరిగివచ్చిన ప్రతిమకు ఇంట్లో పూస కనిపించలేదు. బూడిదరంగు ఆడపిల్లి. రెండేళ్లుగా ఆమె ఒడిలోనే పెరిగింది.

"పగలంతా బుచ్చన్న దగ్గరే ఉంటోంది. నాకు ఎక్కడో దూరాన రాస్ లఫాన్‌లో డ్యూటీ కదా, ఇంట్లో ఒక్కదాన్నే ఎలా వదిలేస్తాను?" అన్నాడు భర్త గురుప్రసాద్.

బుచ్చన్న అల్ హిలాల్‌లో వాళ్లుండే బిల్డింగుకి వాచ్‌మన్. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. ప్రతిమ కిందికి దిగేసరికి పూస అతని మంచం మీద పడుకుని ఉంది. ఆమె పిలిస్తే కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది. ప్రతిమకు చురుక్కుమంది.

"మేడం, మంచిగొచ్చిన్రా?" అంటూ బుచ్చన్న లేచి నిలబడ్డాడు. "మీకొక మాట చెప్పాలె. పిల్లి కడుపుతోటి ఉన్నది."

"నీకెలా తెలుసు?"

"చన్నులు చూడున్రి. ఎర్రగయి ఉబ్బినయ్, సుట్టు బొచ్చు పల్సవడ్డది. పది దినాలాయె. నడుమ రెండుసార్లు పొద్దుగాల కక్కింది. ఇప్పుడేమో తిండి ఎక్కువైంది. ఇంటికాడ మేకల్ని సాదినోన్ని మేడం, నాకెర్కే."

ప్రతిమ వంగి చూసింది. నిజమే, చనుమొనలు గులాబీరంగులో ఉబ్బి ఉన్నాయి. పొట్ట మాత్రం ఇంకా పెద్దగా పెరగలేదు. తన పిల్లి ఒంట్లో వచ్చిన మార్పు తనకంటే ముందు ఇతని కంటబడింది. ఆ బాధ కోపమై పైకి వచ్చింది.

"నీ చేతికిస్తే ఇంతేనన్నమాట! బయటికి వదిలేసి ఉంటావు. ఏ వీధిపిల్లో..."

"లేదు మేడం, తలుపు దాటనియ్యలే. దేవునితోడు."

ఆమె వినలేదు. పూసను లాక్కున్నట్టు ఎత్తుకుని పైకి వెళ్లి, మెయింటెనెన్స్ కంపెనీ సూపర్‌వైజర్ తిరుమల్‌కి ఫోన్ చేసింది. "మీ వాచ్‌మన్‌కి బాధ్యత లేదు, ఇక్కడ ఉంచొద్దు" అంది. ఆ పూటంతా పూస తలుపు దగ్గర కూర్చుని అరిచింది. ఒక్కో అరుపు వింటుంటే, పిల్లిని తనకు కాకుండా చేశాడనిపించి, తాను చేసింది సరైన పనే అని ప్రతిమకు మరింత గట్టిగా అనిపించింది.

మర్నాడే బుచ్చన్నను అల్ ఘర్రాఫాలోని వేరే బిల్డింగుకి మార్చేశారు.

ఆ తర్వాతి రోజు ప్రతిమ పూసను వెటర్నరీ క్లినిక్‌కి తీసుకెళ్లింది. డాక్టర్ జకియాది హైదరాబాద్. పొట్ట మీద కొంచెం బొచ్చు తీసి, జెల్ రాసి స్కాన్ చేసింది.

"చూడండి, గుండెలు కొట్టుకుంటున్నాయి. నాలుగున్నాయని అనిపిస్తోంది, కానీ స్కాన్‌లో లెక్క తప్పొచ్చు. చివర్లో ఎక్స్‌రే తీస్తే సరిగ్గా తెలుస్తుంది. ఇంట్లో పొట్ట నొక్కి చూడకండి."

"ఎన్నాళ్లయింది డాక్టర్?"

"సైజును బట్టి ముప్పై రెండు, ముప్పై మూడు రోజులు. రెండు మూడు రోజులు అటూ ఇటూ."

"కాదు, మే రెండున నేను ఊరెళ్లాను. ఆ తర్వాతే అయ్యుంటుంది."

"ఇవాళ మే ఇరవై అయిదు. రెండు తర్వాతైతే ఇరవై మూడు రోజులకు మించదు. అప్పుడు పిల్లలు ఇంత పెద్దగా ఉండరు. ఏప్రిల్ ఇరవై రెండు ప్రాంతాల్లో కడుపు నిలిచింది. పిల్లికి అరవై మూడు నుంచి అరవై ఏడు రోజులు, దగ్గరదగ్గర తొమ్మిది వారాలు. జూన్ ఆఖరు వారంలో ఈనుతుంది."

ప్రతిమకు ఏప్రిల్ ఆఖరు రోజులు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో పూస నేల మీద దొర్లుతూ ఒకటే అరిచింది. ఎదకు వచ్చిందని తెలిసి కూడా సూట్‌కేసులు సర్దుకునే హడావిడిలో మెట్ల వైపున్న వంటింటి కిటికీ మూయడం మరిచిపోయింది. ఒక మధ్యాహ్నమంతా పూస కనబడలేదు. సాయంత్రం మెట్ల మీద దొరికింది. భర్తకు కూడా ఆ సంగతి చెప్పలేదు.

క్లినిక్ బయటికి రాగానే తిరుమల్‌కి ఫోన్ చేసింది. "తప్పు నాదే. అతన్ని వెనక్కి పంపండి."

"ఆర్డర్ అయిపోయింది మేడం, అక్కడ వేరే మనిషి చేరిండు. ఇప్పుడు అరబ్బోళ్లన్నట్టు 'మాఫీ', లేదంతే. ఏం చెయ్యలేను. ఆయన మీద రాసిన కంప్లయింటు మాత్రం తీసేస్తా."

ఆ శుక్రవారం ప్రతిమ అల్ ఘర్రాఫాకు వెళ్లింది. బుచ్చన్న గేటు దగ్గర చిన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్కడి గది ఇరుకు, ఏసీ కూడా సరిగ్గా లేదు. ఆమె తేదీలన్నీ చెప్పి, కిటికీ సంగతీ చెప్పింది. "నేను చూసుకోలేదు. మీరు చూసుకున్నారు. అదే ఓర్చుకోలేకపోయాను."

అతనికి కోపం పోయినట్టు కనిపించలేదు. అయినా, "మేకకైతే అయిదు నెలలు. దీనికి రెండు నెలల మీద నాలుగు దినాలు, అంతే. టైం లేదు మేడం. ఒక డబ్బాల పాత బట్టలేసి చీకటి మూలకు పెట్టున్రి. ఇప్పట్నుంచే అలవాటు గావాలె" అన్నాడు.

జూన్ ఇరవై ఆరున పూస నాలుగు పిల్లల్ని కన్నది. ఆ మరుసటి శుక్రవారం ప్రతిమ పిలిస్తే బుచ్చన్న చూడటానికి వచ్చాడు. ప్రతిమను కూడా దగ్గరికి రానివ్వని పూస అతను వంగగానే బుర్ర ముందుకు చాపింది. ఆమెకు మళ్లీ చురుక్కుమంది. అయినా లేచి వెళ్లి అతనికి చాయ్ పెట్టింది.