కీలక వ్యక్తి పేరు రాయవలసిన చోట

"సబ్బుని నీళ్ళలోనే వదిలేశావేమయ్యా? దానికేమైనా ఈతొచ్చనుకున్నావా?"

స్నానాలగది గుమ్మంలో నిలబడి అక్క గొంతు పెంచింది. అక్క అంటే నా తోడికోడలు. మా ఆయన తల తుడుచుకుంటూ తేలిగ్గానే అన్నాడు.

"సబ్బులు చేసే ఇంట్లో సబ్బుముక్క కోసం గొడవేంటి వదినా? షెడ్డులో గుట్టలున్నాయిగా."

"అవి నువ్వు చేసినవి."

మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అనకుండా ఉండాల్సిందని అక్కకీ అప్పుడే తెలిసింది. కరిగి మెత్తబడిన ముక్కను పాతగుడ్డతో అద్ది, కిటికీ అంచున ఎండపడేచోట పెట్టింది. దాని మీద బావగారి కత్తి కోసిన వంకర అంచు ఇంకా చెరిగిపోలేదు.

బావగారు పోయి ఇరవయ్యారు రోజులు. షెడ్డులో కాగు పక్కనే, చేతిలో తెడ్డుతోనే కూలిపోయారు. గుండె, అన్నాడు డాక్టరు. అప్పటికి కాగులో ఉన్న విడతను మర్నాడు మా ఆయన పూర్తి చేశాడు. మిగతా కాస్టిక్ సోడా కొలిచి పోసి, ఉడికించి, అచ్చుల్లో పోశాడు. అన్న చివరి పని సగంలో ఆగిపోకూడదన్నాడు. ఎవరం కాదనలేదు.

ఆ రోజు పదింటికి ఇన్సూరెన్సు ఏజెంటు వస్తానన్నాడు. అందరం షెడ్డుకి వెళ్ళాం.

షెడ్డు ముందుభాగంలోని చిన్న గదే మా ఆఫీసు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి బావగారి నూనెమరకల చొక్కా. దాన్ని ఎవరూ తియ్యలేదు. మామగారు ఎప్పటిలా తలుపుకెదురుగా పెద్ద కుర్చీలో కూర్చున్నారు. ఏజెంటు బల్ల మీద పెట్టిన కాగితాల్లో నా చేతిరాత కనిపించింది. రెండేళ్ళ కిందట బ్యాంకువాళ్ళు వ్యాపార ప్రణాళిక అడిగితే, ఇంట్లో డిగ్రీ చదివినదాన్నని ఇన్సూరెన్సు భాగం, ఈ దరఖాస్తులూ నాచేత రాయించారు.

"ఒక్కొక్కటీ చూద్దాం," అన్నాడు ఏజెంటు. "ఆస్తి పాలసీ. షెడ్డు, కాగు, యంత్రాలు, సరుకు. వీటికేమీ కాలేదు, కాబట్టి అందులో వచ్చేదేం లేదు."

"పని ఆగిపోతే ఇచ్చేది ఉందిగా? కాగు వెలిగించి మూడు వారాలు దాటింది," అన్నాడు మా ఆయన.

"ఆస్తికి నష్టం జరిగి, దానివల్ల పని ఆగితేనే ఆ పాలసీ వర్తిస్తుంది. నిప్పంటుకుని కాగు పోయిందనుకోండి, మళ్ళీ నిలదొక్కుకునేదాకా పోయిన లాభం ఇస్తారు. మనిషి పోతే ఇవ్వరు."

"అంటే మా అన్న బదులు షెడ్డు కాలిపోయుంటే ఇచ్చేవాళ్ళన్నమాట."

"అవును."

మా ఆయన పైకప్పు వంక చూశాడు. "ఇప్పుడు కాలినా ఇస్తారా?"

ఏజెంటు పెన్ను మూత పెట్టేశాడు. "సార్, ఆ మాట నా చెవిన పడలేదు. మీరూ అనలేదు."

"నోరు ముయ్యరా," అన్నారు మామగారు. తిట్టినట్టు లేదు, బతిమాలినట్టుంది.

నేను అరల వైపు చూశాను. ఆఖరి విడత సబ్బులు అక్కడే ఆరుతున్నాయి. ఆసుపత్రివాళ్ళు చేతులు కడుక్కోవడానికి తీసుకునే రకం. సరుకు పంపమని వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. అంతకుముందురోజు ఒకదాన్ని తడిపి, కాస్టిక్ ఎంతుందో రంగుతో చూపే పరీక్ష కాగితం ఆనించాను. కాగితం ముదురు ఊదా రంగుకి తిరిగింది. ఐదు సబ్బులు చూశాను, ఐదూ అంతే. కాస్టిక్ మిగిలిపోయింది. బావగారికి కాగితంతో పనిలేదు. వేలికి రవ్వంత తీసుకుని నాలుక కొసకి తాకించేవారు. చురుక్కుమంటే నూనె సర్దేవారు. ఎంత సర్దాలన్నది ఆయనకే తెలుసు, ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ రోజు కాగులో అప్పటికే ఎంత కాస్టిక్ పోశారో కూడా ఎవరికీ తెలియదు.

"ఆ సరుకు పంపితే, ఎవరి చేతులైనా మండితే, దానికి పాలసీ ఉందిగా?" మా ఆయన నా వైపు చూడకుండా అడిగాడు.

"మన సరుకువల్ల వాడినవాళ్ళకి హాని జరిగి, వాళ్ళు మన మీద దావా వేస్తే ఉంది. కానీ తెలిసి తెలిసి చెడ్డ సరుకు పంపితే అది నిలబడదు. ఆ సరుకు చెడ్డదని తెలుసా మీకు?"

"తెలుసు," అన్నాను నేను. మావాళ్ళంతా నా వైపు తిరిగారు.

ఏజెంటు ఆ కాగితం పక్కన పెట్టాడు. చివరి కాగితం తీశాడు. "మిగిలింది కీలక వ్యక్తి పాలసీ. ఎవరు లేకపోతే వ్యాపారం నడవదో ఆ మనిషి మీద సంస్థే తీసుకునేది. ఆయన పోతే డబ్బు సంస్థకి వస్తుంది. కొత్తవాణ్ణి పెట్టుకుని, అతను పని పట్టుకునేదాకా తట్టుకోవడానికి."

మాకు కావలసింది సరిగ్గా అదే. పొరుగూరి సబ్బు మేస్త్రి ఒకాయన వస్తానన్నాడు. ఏడాది జీతం ముందే కావాలన్నాడు. ఆ పాలసీ డబ్బు వస్తే షెడ్డు నిలబడుతుంది, లేకపోతే లేదు.

ఏజెంటు కాగితాన్ని బల్ల మీద మా వైపు తిప్పాడు. కీలక వ్యక్తి అని ఉన్న గడిలో ఒక పేరు కొట్టేసి ఉంది. దాని పక్కన మామగారి పేరు.

కొట్టేసింది నేనే. మా ఇంట్లో కరెంటు మీటరు దగ్గర్నుంచి పాల చీటీ దాకా అన్నీ పెద్దాయన పేరు మీదే. నేను బావగారి పేరు రాసి చూపించిన రోజు మామగారు కళ్ళజోడు సర్దుకుని, "నేనుండగానే వాడెప్పుడు కీలకమయ్యాడమ్మాయ్?" అన్నారు, నవ్వుతూనే. ఆయన వయసుకి ప్రీమియం ఎక్కువ, వచ్చేది తక్కువ అని ఈ ఏజెంటే చెప్పాడు. బావగారు చేతులు కడుక్కుంటూ, "నాన్న పేరే రాసెయ్ మరదలా. నేనెక్కడికి పోతాను?" అన్నారు. నేను గీత కొట్టాను. స్కేలు పెట్టి, నీటుగా.

"నేను బతికున్నాను కాబట్టి రాదు. అంతేనా?" అన్నారు మామగారు.

ఏజెంటు తల దించుకున్నాడు. "అంతేనండి."

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. బావగారి చోటు ఖాళీ. అటూ ఇటూ జరిగి దాన్ని నింపడం ఎవరికీ చేతకావడం లేదు. నేను వడ్డిస్తుంటే మా ఆయన హఠాత్తుగా అన్నాడు.

"వదినా, ఆ విడత నేనే చెడగొట్టాను."

"చెడగొట్టలేదు," అంది అక్క. "ఆయన నాలుక నీకెక్కణ్ణించొస్తుంది? పొద్దున నోరు జారాను. తిను."

మామగారు పళ్ళెంలో చెయ్యి పెట్టారు గానీ ముద్ద కలపలేదు.

"ఇక కాగు వెలిగించం," అన్నారు. "ఆ విడత ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ఆసుపత్రివాళ్ళకి ఉన్నమాట నేనే చెప్తాను. కాగూ యంత్రాలూ అమ్మేద్దాం. పెద్దాడు చేసిన సబ్బులు వెనక అరలో నలభై దాకా ఉన్నాయి, అవి పెద్దకోడలివి."

ఆయన నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఆ గడిలో నా పేరు కొట్టెయ్. నేను పోతే ఆగిపోయేదేం లేదు."